విజిటింగ్ కార్డు తయారీ: సైజు, మ్యాటర్ వరుస, మ్యాట్ లామినేషన్, ఒక మోటార్ వైండింగ్ షాపు కార్డు ఉదాహరణగా

మా డీటీపీ షాపుకి విజిటింగ్ కార్డు కోసం వచ్చేవాళ్లలో సగం మంది ఇంకొకరి కార్డు పట్టుకొస్తారు. "అచ్చం ఇలాగే కావాలి, పేరు మార్చి చెయ్యి" అంటారు. నేను మాత్రం ముందు ఒక ప్రశ్న అడుగుతాను: ఈ కార్డు ఎవరి జేబులో ఉంటుంది, వాళ్లు దాన్ని ఎప్పుడు బయటికి తీస్తారు? సైజు, అక్షరాల వరుస, లామినేషన్ అన్నీ ఆ జవాబును బట్టే తేలతాయి.

ఆ మధ్య బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన చేతిలో ఉన్నది ఒక బిల్డర్ కార్డు. మొత్తం నల్లటి నలుపు, మధ్యలో బంగారు రంగు గీత, సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. దానితోపాటు ఒక తెల్లకాగితం మీద మ్యాటర్ రాసుకొచ్చాడు: పద్నాలుగు రకాల పనులు, మూడు ఫోన్ నెంబర్లు, దేవుడి ఫొటో, మోటారు ఫొటో. "బాబాయ్, నీ కార్డు ఎవరు తీస్తారు?" అన్నాను. "ఇంకెవరు, రైతులే. మోటారు కాలిపోతే" అన్నాడు. అంటే పొలం గట్టు మీద, ఎండలో, గ్రీజు చేతులతో, చెమటకు తడిసిన చొక్కా జేబులోంచి తీస్తారన్నమాట. ఆ కార్డు ఎలా కట్టామో మొదటినుంచీ చెబుతాను. మీది వేరే వ్యాపారమైనా కొలతలు ఇవే, నిర్ణయాలు మాత్రం మారతాయి.

1. సైజు, దానిలోపల ఇంకో రెండు సైజులు

మన దగ్గర విజిటింగ్ కార్డు అంటే మూడున్నర అంగుళాల పొడవు, రెండు అంగుళాల ఎత్తు. మిల్లీమీటర్లలో దాదాపు 89, 51. ఐరోపాలో 85, 55 వాడతారు. ఏటీఎం కార్డు 85.6, 54. పర్సుల్లో అరలు ఏటీఎం కార్డుకు తగ్గట్టు కుడతారు కాబట్టి, ఈ సైజుల కంటే బాగా పెద్దది చేయిస్తే అందులో పట్టదు. చతురస్రం కార్డులు, మడత కార్డులు టేబుల్ మీద బాగుంటాయి గానీ జేబులో నలిగిపోతాయి.

అయితే డిజైన్ చేసే పేజీ 89, 51 కాదు. కార్డులు పెద్ద షీటు మీద పక్కపక్కన ప్రింటై, కట్టగా పేర్చి కటింగ్ మెషీన్ కింద పెడితే తెగుతాయి. కత్తి అటో ఇటో ఒక మిల్లీమీటరు జరగడం మామూలే. రంగు సరిగ్గా అంచు దాకే ఉంటే, అలా జరిగినప్పుడు అంచున తెల్లటి గీత కనిపిస్తుంది. అందుకే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా రంగు పరుస్తాం. దీన్నే బ్లీడ్ అంటారు. అలా పేజీ సైజు 95, 57 అవుతుంది. కొన్ని ప్రెస్సులు తమ షీటు లెక్కను బట్టి తక్కువ బ్లీడ్ అడుగుతాయి, కొన్ని కార్డు సైజునే కాస్త మారుస్తాయి. పని మొదలుపెట్టకముందే ప్రెస్సుకి ఫోన్ చేసి "కటింగ్ సైజు ఎంత, బ్లీడ్ ఎంత" అని కనుక్కోండి. పని అంతా అయ్యాక సైజు మార్చడం పెద్ద తలనొప్పి.

ఇక లోపలి సైజు. కత్తి లోపలికీ జరగొచ్చు కాబట్టి తెగే అంచు నుంచి 4.5 మిల్లీమీటర్లు లోపలే అక్షరాలన్నీ ఉండాలి. అప్పుడు మీకు నిజంగా మిగిలే చోటు 80, 42 మిల్లీమీటర్లు. కార్డు చేసేటప్పుడు నేను ముందు ఈ మూడు దీర్ఘచతురస్రాలకూ గైడ్‌లైన్లు గీసుకుంటాను.

ఈ దశలోనే ఇంకో మాట. కార్డు చుట్టూ బోర్డర్ గీత వెయ్యమని చాలామంది అడుగుతారు. అంచుకు దగ్గరగా సన్నటి బోర్డర్ వేస్తే కత్తి అర మిల్లీమీటరు జరిగినా ఒక వైపు ఖాళీ ఎక్కువ, ఇంకో వైపు తక్కువ అయ్యి వంకర కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అదే బోర్డర్ లేకపోతే ఆ అర మిల్లీమీటరు ఎవరికీ తెలియదు. తప్పదంటే గీతను అంచు నుంచి 5 మిల్లీమీటర్లు లోపలికి జరపండి. నేనైతే వద్దనే చెబుతాను.

2. ఏది ముందు, ఏది తరువాత

కంపెనీ ఉద్యోగి కార్డులో మనిషి పేరు ముందు, హోదా తరువాత, ఆపైన కంపెనీ, ఫోను, ఈమెయిలు, అడ్రసు. అక్కడ ఆ వరుస సరైనదే, ఎందుకంటే ఆ కార్డు తీసేవాళ్లు ఫలానా మనిషి కోసమే వెతుకుతారు. మోటారు కాలిన రైతుకు షాపు పేరు గుర్తుండకపోవచ్చు. జేబులో ఉన్న ఐదారు కార్డుల్లో "మోటార్ వైండింగ్" అన్న మాట కోసం వెతుకుతాడు. ఆ తర్వాత కావలసింది నెంబరు. కాబట్టి ఈ కార్డులో పని పేరు మొదటిది, షాపు పేరు రెండోది, ఫోన్ నెంబరు మూడోది, మనిషి పేరు నాలుగోది. అయితే కంటికి ఎక్కువ ఆనేవి పని పేరు, నెంబరు మాత్రమే.

ముందు వైపు 42 మిల్లీమీటర్ల ఎత్తును ఇలా పంచాం. పైన మధ్యలో దేవుడి బొమ్మకు 5. ఆయన ఫొటో తెచ్చాడు గానీ అంత చిన్న చోట ఫొటో పెడితే ముఖం నల్లగా అలుక్కుపోతుంది. అందుకని ఒకే రంగు గీతల బొమ్మ పెట్టాను. దాని కింద 2 ఖాళీ. "మోటార్ వైండింగ్" అని 22 పాయింట్ల లావు అక్షరాలకు 10. షాపు పేరు 13 పాయింట్లలో, దానికి 7. తరువాత 4 ఖాళీ. నెంబరు 24 పాయింట్లలో, అంకెల ఎత్తు 6. మళ్లీ 3 ఖాళీ. చివర ఆయన పేరు 11 పాయింట్లలో, 5. సరిగ్గా 42 అయ్యింది.

నెంబరు పది అంకెలూ ఒకే వరుసలో కలిపేస్తే చూసి నొక్కేటప్పుడు ఒక అంకె తప్పిపోతుంది. మనం నోటితో ఐదు, ఐదుగా చెబుతాం కాబట్టి అచ్చులోనూ ఐదంకెల తర్వాత కాస్త ఖాళీ వదలాలి. మూడు నెంబర్లు పెడతానన్న ఆయన్ని "మొదటి రింగుకే ఎత్తేది ఏది?" అని అడిగాను. అదే ముందు వైపు పెద్దగా పెట్టాం. వాళ్లబ్బాయి నెంబరు వెనక్కి వెళ్లింది. మూడోది ఎవరూ ఎత్తరని ఆయనే తీసేశాడు.

పద్నాలుగు పనుల జాబితాలోంచి నాలుగు మిగిలాయి. చిన్న అక్షరాల్లో పద్నాలుగు లైన్లు ఉంటే ఒక్కటీ ఎవరూ చదవరు. సబ్‌మెర్సిబుల్, మోనోబ్లాక్ మోటార్లు, స్టార్టర్ రిపేరు, బోరులోంచి మోటారు తీయడం, దించడం: ఇవి వెనక వైపు 9 పాయింట్లలో. పక్కనే అడ్రసు. డోర్ నెంబరు ఒక్కటే రాస్తే ఊళ్లవాళ్లకు ఉపయోగం లేదు, "బస్టాండ్ వెనక, పెట్రోల్ బంకు ఎదురుగా" అన్నది కూడా ఉండాలి.

వెనక ఎడమ వైపు వాట్సాప్ కోసం క్యూఆర్ కోడ్ పెట్టాం. కాలిపోయిన మోటారు నేమ్ ప్లేట్ ఫొటో తీసి పంపితే హెచ్‌పీ ఎంతో ఆయనకు ముందే తెలుస్తుంది. పేరు, అడ్రసు, ఈమెయిలు అన్నీ కోడ్‌లో కుక్కితే గడులు చిన్నవైపోయి పాత ఫోన్లలో స్కాన్ కాదు. కింది లింకు ఒక్కటి చాలు. నెంబరు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు:

```
https://wa.me/91XXXXXXXXXX
```

20 మిల్లీమీటర్ల సైజులో ఈ కోడ్ ఒక్కో గడి దాదాపు 0.8 మిల్లీమీటర్లు వస్తుంది, ఏ ఫోనైనా చదువుతుంది. చుట్టూ నాలుగు గడులంత, అంటే 3 మిల్లీమీటర్ల పైచిలుకు, తెల్లగా వదలాలి. డబ్బుల కోసం యూపీఐ కోడ్ కార్డు మీద అచ్చు వేయించవద్దని నా సలహా. బ్యాంకు మారితే కార్డులన్నీ వృథా. అది షాపు కౌంటర్ మీద ఉంటే చాలు.

3. తెలుగు అక్షరం దగ్గర జాగ్రత్త

ఇంగ్లీషు కార్డు డిజైన్‌లో తెలుగు మ్యాటర్ పోస్తే ఇరుకుగా, గజిబిజిగా కనిపించడానికి కారణం ఒకటే. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఆయన షాపు పేరులో "లక్ష్మి" ఉంది. "క్ష్మి" అన్న ఒక్క అక్షరంలోనే పైన గుడి, కింద రెండు ఒత్తులు. ఇంగ్లీషుకు 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల లైను దూరం సరిపోతుంది. తెలుగుకు అదే 10 పాయింట్లకు 15 అయినా ఇవ్వకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడిలో ఇరుక్కుంటుంది. అలాగే ఒకే పాయింట్ సైజులో తెలుగు అక్షరం ఇంగ్లీషు కంటే చిన్నగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఎత్తులోనే ఒత్తులకూ చోటు ఉండాలి. 9 పాయింట్లకు తగ్గితే ఒత్తులు ఇంకుతో పూడిపోతాయి.

టైపు చేశాక ప్రతి సంయుక్తాక్షరాన్నీ పెద్దది చేసి చూడండి. పాత కోరల్‌డ్రాలో యూనికోడ్ తెలుగు పేస్టు చేస్తే ఒత్తు కిందికి వెళ్లకుండా, పొల్లు పెట్టి పక్కనే నిలబడే అవకాశం ఉంది. అను ఫాంట్లతో చేస్తే ఆ ఇబ్బంది ఉండదు గానీ ఇంకోటి ఉంటుంది: ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు మొత్తం పిచ్చి ఇంగ్లీషు అక్షరాలైపోతుంది. ఈ రెండో ఇబ్బందికి మందు ఉంది. మ్యాటర్ ఖాయమయ్యాక అంతా సెలెక్ట్ చేసి Ctrl+Q కొడితే అక్షరాలు బొమ్మలుగా, అంటే కర్వ్స్‌గా మారిపోతాయి. ఆ తర్వాత ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా ఉంటాయి. కాకపోతే ఇక టైపు చేసి దిద్దడం కుదరదు కాబట్టి, కర్వ్స్ చేయకముందు ఫైలును వేరే పేరుతో ఒకటి దాచుకోండి. రెండేళ్ల తర్వాత నెంబరు మార్చడానికి అదే కావాలి.

4. రంగు

నలుపు కార్డు కావాలన్న ఆయన్ని ఒప్పించడానికి కొంచెం సమయం పట్టింది. షాపులో ఉన్న ఒక పాత నల్ల కార్డు తీసి చూపించాను. నాలుగు అంచులూ తెల్లగా పెచ్చులు లేచి ఉన్నాయి. కాగితం లోపల తెలుపే కదా, పైన ఎంత నలుపు పరిచినా తెగిన అంచు తెల్లగానే ఉంటుంది. జేబులో నాలుగు రోజులు నలిగేసరికి ఆ తెలుపు ఇంకా బయటపడుతుంది. దాని మీద గ్రీజు వేలు పెట్టి చూపిస్తే ముద్ర మెరుస్తూ అలాగే ఉండిపోయింది. దాంతో తెల్ల కార్డు మీద ముదురు నీలం హెడ్డింగు, మిగతాదంతా నలుపు అని ఖాయం చేశాం.

ఫైలు సీఎంవైకే రంగుల్లో, అంటే ప్రెస్సు వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకుల లెక్కలో ఉండాలి. చిన్న అక్షరాల నలుపు ఒక్క నల్ల ఇంకుతోనే, అంటే కే 100, మిగతా మూడూ సున్నా. ఫోన్లోనో ఇంకో సాఫ్ట్‌వేర్‌లోనో ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో చేసి మారిస్తే ఆ నలుపు నాలుగు ఇంకుల కలయికగా మారుతుంది. ప్రెస్సులో ఒక్క రంగు వెంట్రుక వాసి జరిగితే చాలు, అక్షరం వెనక ఎర్రటి నీడో నీలి నీడో కనిపించి ఒత్తులు చదవరాకుండా పోతాయి. హెడ్డింగు నీలానికి సయాన్ 100 ఇచ్చి మెజెంటాను 70 దగ్గర ఆపాను. రెండూ 100 పెడితే స్క్రీన్ మీద నీలంగా ఉన్నది అచ్చులో వంకాయ రంగుకు తిరుగుతుంది.

చిన్న ఆర్డర్లకు ప్రెస్సులు చాలామంది కార్డులను ఒకే షీటు మీద కలిపి వేస్తాయి. అందుకే వెయ్యి కార్డులు తక్కువ ఖర్చుతో వస్తాయి. పక్క కార్డుకు ఎరుపు ఎక్కువ కావాల్సి వస్తే మీ కార్డులోనూ కాస్త మారుతుంది. కిందటిసారి వచ్చిన నీలమే ఈసారీ అచ్చం రావాలంటే ఈ పద్ధతిలో కుదరదని కస్టమర్‌కు ముందే చెప్పేయడం మంచిది.

5. మ్యాట్ లామినేషన్

కాగితం 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే ఆర్ట్ కార్డు తీసుకున్నాం. లామినేషన్ అంటే దాని మీద సన్నటి ప్లాస్టిక్ ఫిల్మ్‌ను వేడి రోలర్ల మధ్య నొక్కి అంటించడం. ఫిల్మ్ అడుగున ఉన్న జిగురు వేడికి కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది. గ్లాసీ ఫిల్మ్ మెరుస్తుంది, రంగుల్ని గాఢంగా చూపిస్తుంది. మ్యాట్ ఫిల్మ్ పైభాగం గరుకుగా ఉండి వెలుతురును చెదరగొడుతుంది కాబట్టి మెరుపు ఉండదు, రంగులు ఒక పిసరు నెమ్మదిస్తాయి.

పొలం గట్టు మీద మ్యాట్ ఎందుకు మేలో ఒక చిన్న పని చేస్తే తెలుస్తుంది. గ్లాసీ కార్డు, మ్యాట్ కార్డు రెండూ పట్టుకుని ఎండలోకి వెళ్లి నిలబడండి. గ్లాసీ కార్డును చెయ్యి తిప్పితే గానీ నెంబరు కనిపించదు. మ్యాట్ కార్డును ఎలా పట్టుకున్నా చదవొచ్చు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేటప్పుడూ కెమెరాలో మెరుపు పడదు. చెమట తగిలినా కాగితం ఉబ్బదు.

ఖర్చు తగ్గుతుందని ఒకవైపే లామినేషన్ చేయించేవాళ్లున్నారు. ముందు వైపు ఫిల్మ్ ఉంది కాబట్టి అటునుంచి తేమ లోపలికి పోదు. వెనక వైపు ఖాళీ కాగితం వానాకాలంలో తేమ పీల్చి సాగుతుంది. సాగిన వైపు పొడవవుతుంది కాబట్టి కార్డు ఫిల్మ్ ఉన్న వైపుకు దోనెలాగా వంగుతుంది. ఇంత చిన్న ముక్కకు ఆ వంపు బాగా తెలుస్తుంది. రెండు వైపులా చేయిస్తే రెండు పక్కల లాగుడూ సమానమై కార్డు తిన్నగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మోటారు ఇచ్చి వెళ్లే రైతుకు కార్డు వెనకే హెచ్‌పీ, ఇచ్చిన తేదీ రాసి ఇస్తానన్నాడు ఆయన. అందుకే వెనక అడుగున రెండు గీతల చోటు వదిలాం. మ్యాట్ ఫిల్మ్ మీద బాల్ పెన్ను కాస్త నొక్కి రాస్తే పడుతుంది. జెల్ పెన్ను, ఇంకు పెన్ను అలుక్కుపోతాయి. రబ్బరు స్టాంపు ఆరదు. ఆయన దగ్గర మోటార్ల మీద నెంబర్లు వేసే పర్మనెంట్ మార్కర్ ఎలాగూ ఉంది, ఒక పాత మ్యాట్ కార్డు మీద దానితో రాయించి, కాసేపాగి వేలితో రుద్దాను. చెదరలేదు. సరేననుకున్నాం. అదే డాక్టరుగారి అపాయింట్‌మెంట్ కార్డైతే నేను లామినేషనే వద్దని చెప్పి ఇంకాస్త మందం కాగితం వాడతాను, ఎందుకంటే అక్కడ చేతికి దొరికిన ఏ పెన్నుతోనైనా రాయగలగాలి.

మ్యాట్ మీద స్పాట్ యూవీ గురించి కూడా అడుగుతుంటారు. మ్యాట్ ఫిల్మ్ మీద కావలసిన చోట మాత్రమే మెరిసే పూత వేసి యూవీ వెలుతురుతో గట్టిపరుస్తారు. దానికి ఫైలులో ఇంకో పేజీ ఇవ్వాలి: పూత వచ్చే చోటు కే 100 నలుపు, మిగతాదంతా తెలుపు, బొమ్మ స్థానం అసలు పేజీలో ఉన్నట్టే వెంట్రుక తేడా లేకుండా. పూత అర మిల్లీమీటరు దాకా పక్కకు జరగొచ్చు. పెద్ద లోగో మీద అది తెలియదు, కానీ తెలుగు ఒత్తుల మీద వేస్తే అక్షరం ఒకచోట, మెరుపు ఒకచోట అవుతుంది. క్యూఆర్ మీద అసలు వేయకూడదు. ఈ కార్డుకు అవసరం లేదనుకుని, ఆ డబ్బుతో నాలుగు మూలలూ 4 మిల్లీమీటర్ల గుండ్రంగా కట్ చేయించాం. జేబులో ముందుగా మడత పడేది, ఫిల్మ్ లేచేది మూల దగ్గరే. గుండ్రంగా ఉంటే అది బాగా తగ్గుతుంది.

6. ప్రూఫ్, ఆ తర్వాత డెలివరీ

ఒకసారి నా చేతుల్లోనే వెయ్యి కార్డులు పోయాయి. ఒక కూరగాయల వ్యాపారి కార్డులో నెంబరు చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. నేను చూశాను, ఆయనా చూశాడు, ఇద్దరికీ సరిగ్గానే కనిపించింది. తెలిసిన నెంబరును కన్ను చదవదు, గుర్తుపట్టేస్తుంది. అప్పటినుంచి ప్రూఫ్‌ను అసలు సైజులో కాగితం మీద తీసి, కత్తిరించి, కస్టమర్ చేతికిచ్చి, అందులోని నెంబరు చూస్తూ నా ఫోన్లో నేను నొక్కుతాను. ఆయన జేబులో ఫోను మోగాలి. క్యూఆర్‌ను కూడా రెండు వేర్వేరు ఫోన్లతో స్కాన్ చేస్తాను. వైండింగ్ పెద్దాయన ప్రూఫ్‌ను బయట ఎండలోకి తీసుకెళ్లి, కళ్లజోడు తీసేసి, చెయ్యి చాచి చదివాడు. నెంబరు చదవగలిగాడు. అడ్రసు చదవలేకపోయాడు. వెనక వైపు ఒక లైను తీసేసి అడ్రసును 10 పాయింట్లకు పెంచాం.

ప్రెస్సుకు ఫైలు పీడీఎఫ్‌గా పంపండి. జేపీజీ చేస్తే చిన్న అక్షరాల అంచులు మసకబారతాయి. తొందరపెట్టడం కూడా మంచిది కాదు. ఆఫ్‌సెట్ ఇంకు పూర్తిగా ఆరకముందే ఫిల్మ్ వేస్తే జిగురు పట్టదు, వారం రోజుల్లో పొరలా లేస్తుంది. ప్రింటుకూ లామినేషన్‌కూ మధ్య ఒక రోజైనా వదిలితే ఆ భయం ఉండదు.

డబ్బా వచ్చాక పైన ఉన్న కార్డు ఒక్కటి చూసి సంతకం పెట్టకండి. డబ్బాలో వేర్వేరు చోట్ల నుంచి పది కార్డులు తీయండి. టేబుల్ మీద పరిస్తే అన్నీ తిన్నగా ఉండాలి. కట్టగా నిలబెట్టి అంచు చూస్తే కటింగ్ తేడా బయటపడుతుంది. ఒక కార్డు మూలను గోటితో గీకండి. ఫిల్మ్ తెల్లగా లేస్తే పట్టలేదని అర్థం. ముదురు రంగు ఉన్న చోటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే బూడిద చల్లినట్టు సన్నటి చుక్కలు కనిపించవచ్చు. షీట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ప్రెస్సులో చల్లే పొడి ఫిల్మ్ కింద ఉండిపోయి గాలి పట్టిందన్నమాట. ఇలాంటివి పదిలో రెండు ఉన్నా ఆ రోజే ఫొటో తీసి ప్రెస్సుకి పంపాలి. నెల తర్వాత చెబితే ఎండలో పెట్టారంటారు.

పెద్దాయన డబ్బా తీసుకుని అక్కడే మార్కర్ తీశాడు. మొదటి కార్డు వెనక ఐదు హెచ్‌పీ అని, తేదీ వేసి, బండి మీద మోటారుతో బయట నిలబడి ఉన్న రైతుకు ఇచ్చాడు.